ముందు ఆ ఫోన్ ఆఫీసులో పెట్టండి

ప్రశ్న: కడపలో ఉంటాను, వయసు 37. సిమెంటు ఫ్యాక్టరీల్లో బెల్టు మీద పోయే సరుకుని తూచే వే ఫీడర్లు, బెల్ట్ స్కేళ్లు సర్వీసు చేసే చిన్న కంపెనీలో ఇంజనీరుని. నెలలో 17, 18 రోజులు టూర్లే. ఈ మధ్య బీపీ 150/96 వచ్చింది. పాప (4వ తరగతి) నాతో మాట్లాడటం తగ్గించింది. ఆఫీసులో ఉండే ఇద్దరేమో నేను షికార్లు చేస్తున్నట్టు, టూర్లో రోజుకిచ్చే డీఏ మిగుల్చుకుంటున్నట్టు మాట్లాడుతున్నారు. మేనేజర్‌కి చెబితే "ఫీల్డ్ ఉద్యోగం అంటే ఇంతే" అన్నాడు. ఉద్యోగం మానేయడం తప్ప దారి ఉందా?

జవాబు:

ఒక ఆదివారం పొద్దున పోయిన మూడు నెలల టూర్ బిల్లుల కాపీలు ముందేసుకుని కూర్చోండి. ఎన్ని రోజులు బయట ఉన్నారన్న లెక్క పక్కన పెట్టి రెండే రెండు లెక్కలు తీయండి. రాత్రి బస్సులో గడిచిన రాత్రులు ఎన్ని? ఒకే ఫ్యాక్టరీకి, అదే మెషీన్ కోసం, పదిహేను రోజుల్లోపు రెండోసారి పోయిన సందర్భాలు ఎన్ని? మీ కష్టానికి మందు ఎక్కువ భాగం ఆ రెండో లెక్కలో ఉంటుందని నా నమ్మకం. ఎందుకంటే నా దాంట్లో అక్కడే దొరికింది.

మాది ప్రొద్దుటూరు. మీ పనే 23 ఏళ్లుగా చేస్తున్నా. ఇప్పుడు ఎక్కువగా ఆఫీసులోనే కూర్చుంటాను గానీ అందులో పదహారేళ్లు రోడ్డు మీదే గడిచాయి. తాడిపత్రి, ఎర్రగుంట్ల, నంద్యాల దగ్గరివి కాబట్టి లెక్కలోకే రావు. జగ్గయ్యపేట, మేళ్లచెరువు, కర్ణాటకలో సేడం, మల్ఖేడ్, తమిళనాడులో అరియలూరు, ఇట్లా బెల్టు మీద సున్నపురాయి పారే చోటల్లా తిరిగినా. 2016లో ఒక నెల బిల్లులు ఇప్పటికీ దాచుకున్నా. ఎనిమిది టూర్లు, పదకొండు రాత్రులు బస్సులో. ఆ ఎనిమిదిలో మూడు, అంతకు ముందే పోయొచ్చిన పనికే మళ్లీ పోయినవి.

ఆ మూడింట్లో ఒకటి వివరంగా చెప్తా. అసలు విషయం అంతా దాంట్లోనే ఉంది.

కర్ణాటకలో వాడి జంక్షన్ అవతల ఒక ఫ్యాక్టరీ. సాయంత్రం నాలుగింటికి అక్కడి ఎలక్ట్రికల్ ఫోర్‌మన్ నేరుగా నా సెల్‌కి చేసినాడు. "ఫీడర్ రీడింగ్ నిలబడడం లేదు, మిల్లు ఆపాల్సొస్తాది, తొందరగా రండి" అన్నాడు. నేను ఇంకో మాట అడగలేదు. బ్యాగు ఎప్పుడూ సర్దే ఉంటుంది, ఆ రాత్రే బస్సెక్కినా. పొద్దున పోయి చూస్తే బరువు పసిగట్టే లోడ్ సెల్ పోయింది. నా బ్యాగులో ఉన్నది 100 కిలోల సెల్. అక్కడ పెట్టాల్సింది 200 కిలోలది. సాయంత్రం దాకా ఏదో సర్దుబాటు చేసి వెనక్కొచ్చినా. ఆఫీసులో స్పేర్ తీసుకుని రెండు రోజుల తర్వాత మళ్లీ పోయినా. మొత్తం నాలుగు రాత్రులు బస్సులో. పని మాత్రం రెండు గంటలది.

రెండోసారి స్పేర్ కోసం స్టోర్స్‌లో నిలబడినప్పుడు అక్కడుండే మా సహోద్యోగి రిజిస్టర్ తిప్పి వేలు పెట్టి చూపించినాడు. ఆ ఫీడర్‌కి రెండేళ్ల కిందటే సెల్ మార్చి 200 కిలోలది వేసినట్టు ఆయన చేతిరాతలోనే ఉంది. "నన్ను ఒక మాట అడిగింటే చెప్పింటాను కద సార్" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నేను బస్సుల్లో నడుము విరగ్గొట్టుకుంటుంటే, ఆ తిప్పలు తప్పించగలిగిన మనిషి నా పక్క గదిలోనే కూర్చోనున్నాడు. ఆయనకు ఆ కంప్లయింటు వచ్చిన సంగతి కూడా తెలియదు. ఎందుకంటే కంప్లయింటు నా జేబులోకి వచ్చింది.

మీ పని కాబట్టి మీకు వెంటనే అర్థమవుతుంది. ఆ రోజు ఎవరైనా ఫోర్‌మన్‌ని ఒక పావుగంట ఫోన్‌లో కూర్చోబెట్టి ఉంటే చాలు. సెల్‌కి పోయే సప్లై 10 వోల్టులు ఉందా? 2 మిల్లీవోల్ట్ పర్ వోల్ట్ సెల్ అయితే పూర్తి బరువుకి 20 మిల్లీవోల్టులు రావాలి. ఖాళీ బెల్టు మీద ఎంత వస్తోంది, టెస్ట్ వెయిట్ తగిలిస్తే ఎంత పెరుగుతోంది? అసలు కదలడం లేదంటే కేబుల్ విప్పేసి మల్టీమీటర్‌తో సిగ్నల్ జత మధ్య ఓంలు చూడమనాలి. సాధారణంగా మనం వాడే సెల్‌కి 350 దగ్గర రావాలి, ఓపెన్ చూపిస్తే సెల్ పోయినట్టే. ఓంలు సరిగానే ఉండి రీడింగ్ మాత్రం ఎగురుతుంటే ముందు జంక్షన్ బాక్స్ మూత తీసి తేమ ఉందేమో చూడమనాలి, ఫోటో పంపమనాలి. ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్‌కి ఇవన్నీ చేతనైన పనులే. జంక్షన్ బాక్స్‌లో తేమ అయితే హీట్ గన్‌తో ఆరబెట్టి, గ్లాండు బిగిస్తే అసలు టూరే ఉండదు. సెల్ పోయిందంటే ఏ కెపాసిటీదో రిజిస్టర్ చెప్తుంది, ఒక్క టూర్‌తో అయిపోతుంది.

ఈ ప్రశ్నలు అడగాల్సింది మీరు కాదు, ఆఫీసులో ఉన్న ఆ ఇద్దరు. నా సలహా మొత్తం ఇదే. మీరు పోవాలా వద్దా, పోతే ఏ స్పేర్‌తో పోవాలి అనేది ఆఫీసులో కూర్చున్నవాళ్లు తేల్చాలి.

మేము చేసింది ఇది. సర్వీసు నంబరు సిమ్ తీసి ఆఫీసు టేబుల్ మీద ఒక మామూలు ఫోన్‌లో వేసినాం. అన్ని ఫ్యాక్టరీలకూ అదే నంబరని మెయిల్ పంపినాం. ఒక్కో మెషీన్‌కి ఒక పేజీ పెట్టినాం. అందులో సెల్ కెపాసిటీ, కంట్రోలర్ మోడల్, చివరి క్యాలిబ్రేషన్ తేదీ, ఆఖరున ఏం మార్చింది, అంతే. కంప్లయింటు వస్తే ఆఫీసులో ఉన్నవాళ్లు పై ప్రశ్నలు అడిగి ఆ పేజీలోనే రాస్తారు, అది చూసి టూర్ తేలుస్తారు. మేనేజర్‌ని ఒప్పించడానికి ఆరోగ్యం, కుటుంబం అని మొదలుపెట్టొద్దు. ఆయన ఒకసారి "ఇంతే" అన్నాడు, రెండోసారి కూడా అదే అంటాడు. రెండోసారి పోయిన టూర్ల బస్సు, లాడ్జి, డీఏ ఖర్చులు కూడి ఒక కాగితం మీద పెట్టి ఇవ్వండి. ఆ మూడు టూర్ల కాగితం చూసినాకే మా మేనేజర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

ఇది తేలిగ్గా జరగదు. మొదటి రెండు నెలలు ఫోర్‌మన్లు మీ సొంత నంబరుకే చేస్తారు. పదేళ్ల పరిచయాలు, పెళ్లిళ్లకు పిలుచుకున్న మనుషులు. "ఆఫీసుకు చెప్పండన్నా" అనడానికి నోరు రాదు. నేనూ ఒకసారి మొహమాటానికి పోయి, ఆఫీసుకి తెలియకుండా ఫోన్‌లోనే పని చక్కబెట్టేసినా. మరుసటి రోజు అదే ఫోర్‌మన్ ఆఫీసు నంబరుకి చేసి, మా స్టోర్స్ ఆయనతో "మీరు వద్దులే, సార్‌తోనే మాట్లాడతా" అన్నాడు. ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు, నిజానికి ఆయనదే న్యాయం. మనం లేకపోతే పని జరగదన్న మాట వినడం మనకు లోపల ఇష్టంగానే ఉంటుందండీ. ఆ ఇష్టమే మనల్ని బస్సెక్కిస్తుంది. నేను ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

దీనికి హద్దులు కూడా ఉన్నాయి. బెల్టు పక్కకు జరిగిపోవడం, ఐడ్లర్ వంగడం, హాపర్‌లో మెటీరియల్ పేరుకోవడం ఫోన్‌లో తేలవు. క్యాలిబ్రేషన్‌కి పోక తప్పదు. కిల్న్ షట్‌డౌన్ అంటే రోజుల తరబడి అక్కడే ఉండాలి, దానికి మందు లేదు. కాకపోతే షట్‌డౌన్ తేదీలు ముందే తెలుస్తాయి కాబట్టి ఇంట్లో చెప్పుకోవచ్చు. మనిషిని అరగదీసేది సాయంత్రం నాలుగింటికి ఫోనొచ్చి రాత్రి తొమ్మిదికి బస్సెక్కే టూర్లు. ముందు వాటిని తగ్గించాలి. మాకు ఎనిమిది టూర్లు ఐదుకొచ్చాయి, అది కూడా దాదాపు ఏడాది పట్టింది.

ఇక ఆ ఇద్దరి సంగతి. వాళ్ల మాటలు మీకు గుచ్చుకుంటున్నాయి గానీ వాళ్ల వైపు నుంచి ఒకసారి చూడండి. మీరు బయట ఉన్నన్ని రోజులు వాళ్లకి సెలవు దొరకదు. మీరు మొదలుపెట్టిన పని తాలూకు బిల్లు, కొరియర్, తిట్లు వాళ్లకు వస్తాయి. మెచ్చుకోలు మెయిల్ మీ పేరు మీద వస్తుంది. మీ కంపెనీలో కూడా సర్వీస్ విజిట్ ఇన్సెంటివ్ పోయినవాడికే ఇస్తుంటే, ఫోన్‌లో తీర్చిన కంప్లయింటుకి, అడిగి తేల్చినవాడికి కూడా కొంత ఇప్పించమని మీరే అడగండి. మీ నోటి నుంచే రావాలి ఆ మాట. డీఏ గురించి వాదనకు దిగొద్దు. నేను ఒకసారి ఒక టూర్ ఖర్చు చీటీలన్నీ టేబుల్ మీద పెట్టేసినా. లాడ్జి, ఆటో, రెండు పూటల భోజనం పోను 140 రూపాయలు మిగిలింది. "దీనికేనా సార్ రెండు రాత్రులు నిద్ర మానుకున్నేది" అని నవ్వినారు. ఆ తర్వాత ఆ మాట రాలేదు.

ఇంకొకటి, మీరు ఊళ్లో ఉన్న రోజుల్లో వాళ్లలో ఒకరికి సెలవు పడేలా చూడండి. ఆ రోజు ఆఫీసు ఫోన్ మీరే ఎత్తండి. మిల్లు ఆగిపోయిన మనిషి అవతల అరుస్తుంటే మెషీన్ కంటికి కనపడకుండా ప్రశ్నలు అడగడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.

ఆరోగ్యం దగ్గరికొస్తా. నేను డాక్టర్ని కాదు, బీపీ మందులు తింటున్నవాణ్ణి. ఆ 150/96 ఎప్పుడు చూపించుకున్నారు? రాత్రి బస్సు దిగి, టీ తాగి, నేరుగా క్లినిక్‌కి పోయి చూపించుకున్నారేమో గుర్తు చేసుకోండి. నిద్రలేని పొద్దున బీపీ పెరిగి కనపడొచ్చు. అట్లని కొట్టిపారేయొద్దు. చేతికి పట్టీ కట్టే డిజిటల్ మెషీన్ ఒకటి కొనుక్కోండి, మణికట్టుది వద్దు. ఊళ్లో ఉన్న వారంలో పొద్దున, సాయంత్రం చూసుకోండి. అరగంట ముందు నుంచి టీ, సిగరెట్ లేకుండా, ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, మాట్లాడకుండా కూర్చుని, నిమిషం తేడాతో రెండుసార్లు. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో చూసుకునే సగటు 135/85 దాటితే అది నిజం బీపీనే, ఆ కాగితంతో ఫిజీషియన్ దగ్గరికి పోండి. మధ్యలో ఎప్పుడైనా 180/120 దాకా పోయి, ఛాతీ నొప్పో, ఆయాసమో, చూపు మసకో, మాట తడబాటో ఉంటే సగటు కోసం ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. సుగర్‌కి కూడా హెచ్‌బిఎ1సి చేయించుకోండి. సుమారు మూడు నెలల సగటు అందులో తెలుస్తుంది కాబట్టి టూర్ మధ్యలో దోసె తిన్న ఒక పూట దాన్ని మార్చలేదు.

మందు మొదలుపెడితే ఒక స్ట్రిప్ ఇంట్లో, ఒకటి టూర్ బ్యాగులో. అమ్లోడిపిన్ వేసుకునేవాళ్లకి కొందరికి రెండు పాదాలూ వాస్తాయి, అది డాక్టర్‌కి చెప్తే మందు మారుస్తారు. కానీ గంటల తరబడి కదలకుండా కూర్చున్న ప్రయాణం తర్వాత ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే సంగతి వేరు. రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, అదే రోజు చూపించుకోవాలి. అది రాకుండా బస్సు ఆగిన ప్రతిచోటా దిగి నడవండి. ఇంకో చెడ్డ అలవాటు మనందరికీ ఉంది. బస్సులో టాయిలెట్ ఉండదని సాయంత్రం నుంచి నీళ్లు మానేస్తాం. పగలంతా మిల్లు దగ్గర వేడిలో చెమట కార్చి రాత్రి నీళ్లు మానేస్తే కిడ్నీలో రాళ్లు రాక ఏమొస్తాయి? నాకు వచ్చింది. ఆ నొప్పి వర్ణించను.

వాడి జంక్షన్ వైపు పనులుంటే బస్సు మాని రైలు పట్టుకోండి. ముంబై లైను బండ్లు కడప, ఎర్రగుంట్ల, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, రాయచూరు మీదుగా వాడి పోతాయి. కాళ్లు చాపుకోవచ్చు, టాయిలెట్ ఉంటుంది, నీళ్లు తాగొచ్చు. 2025 అక్టోబర్ 24న తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో స్లీపర్ బస్సు తగలబడిన తర్వాత మా ఇంటావిడ ఒకటే మాటన్నది, రైలు దొరికే ఊరికి బస్సెక్కితే తలుపు తీయనని. టూర్ ఇంతకు ముందులా నాలుగింటికి పుట్టకుండా ఒక రోజు ముందు తేలితే బెర్తు దొరికే అవకాశం పెరుగుతుంది. ఫోన్ ఆఫీసులో పెట్టడం ఇక్కడ కూడా పనికొస్తుంది.

రాత్రి ప్రయాణం చేసి వచ్చిన పొద్దున ఆఫీసుకి పోవద్దు. ఇది మేనేజర్‌తో మాట వరసకి కాకుండా మెయిల్ మీద ఒప్పించుకోండి: రాత్రి ప్రయాణం తర్వాత మధ్యాహ్నం రెండింటికి హాజరు. నేను ఏళ్ల తరబడి ఐదున్నరకి దిగి, స్నానం చేసి, తొమ్మిదిన్నరకి కుర్చీలో కూర్చునేవాణ్ణి. పని చేసింది లేదు, ఎవరో ఒకరితో గొడవ పెట్టుకోవడం తప్ప. ఆఫీసులో నాకు జరిగిన పోట్లాటల్లో ఎక్కువ భాగం అట్లాంటి పొద్దుల్లోనే జరిగినాయని చాలా ఆలస్యంగా గమనించినా.

ఇంటి విషయం. మా పాప ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం డైరీ మీద సంతకానికి వచ్చింది. నేను సోఫాలో కూర్చోనున్నా, పెన్ను నా చేతిలోనే ఉంది. నా ముందు నుంచే నడిచి వంటింట్లోకి పోయి, పిండి చేతులు కడుక్కునేదాకా వాళ్లమ్మ దగ్గర నిలబడింది. అలగలేదు, కోపం లేదు. ఆ పని నాన్నది కాదని దానికి అలవాటైపోయింది, అంతే.

దానికి నేను చేసిన మొదటి పని తప్పు పని. టూర్ నుంచి రాగానే బొమ్మలు, బయట భోజనం, "టీవీ ఎందుకింతసేపు చూస్తున్నారు" అని దబాయింపు. రెండు రోజుల పెద్దరికం. నేను లేని రోజుల్లో ఇల్లు ఒక పద్ధతిలో నడుస్తుంటుంది, నేను వచ్చి దాన్ని కెలికేసి పోయేవాణ్ణి. మా ఆవిడ అన్న మాట, "నువ్వు వచ్చినప్పుడు నాకు ఇంకో పిల్లోడు ఎక్కువైనట్టుంటాది."

పనికొచ్చింది చిన్నది. ఎంత దూరంలో ఉన్నా చేయగలిగే ఒక పని పూర్తిగా నాదని తీసుకున్నా. మా పాప లెక్కలు. రాత్రి ఎనిమిదిన్నరకి హోంవర్క్ పేజీ ఫోటో వస్తుంది, నేను లాడ్జిలో కాగితం మీద చేసి ఫోన్‌లో చెప్తా. ఆ సమయానికి ఫ్యాక్టరీలో ఉంటే బయటికొచ్చి చేసేవాణ్ణి. "ఎలా ఉన్నావు, తిన్నావా" అనే ఫోన్‌కి పిల్లలు "ఊఁ" అంటారు, ఆరో లెక్క తప్పొస్తే పది నిమిషాలు పోట్లాడతారు. ఆ పోట్లాట మధ్యలోనే బడి సంగతులు వాటంతటవే వచ్చేవి. మీ ఆవిడకి కూడా ఏదో ఒక పని తప్పించండి. గ్యాసు, కరెంటు బిల్లు, పెద్దవాళ్ల మందులు, ఏదైనా సరే. "గుర్తు చెయ్యి, చేస్తా" అనకుండా మీరే గుర్తు పెట్టుకుని చేయాలి. టూర్ తేదీలు వంటింటి క్యాలెండర్ మీద మీ చేత్తో రాయండి. వచ్చే తేదీ రాసేటప్పుడు ఒక రోజు ఎక్కువ వేసి రాయండి. ముందొస్తే సంతోషం, ఆలస్యమైతే పిల్లల దృష్టిలో అబద్ధం.

మానేయడం గురించి. ఆరు నెలలు ఆగండి. ఆ లోపల ఫోన్ ఆఫీసులో పెట్టడానికీ, రాత్రి ప్రయాణం తర్వాత రెండింటికి రావడానికీ మేనేజర్ ఒప్పుకోకపోతే, లేదా మందులు వేసుకుంటున్నా ఇంటి సగటు బీపీ దిగకపోతే, వేరే చోట చూసుకోండి. ఎర్రగుంట్ల, తాడిపత్రి, నంద్యాల చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల్లో ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో మీలాంటివాళ్లు కావాలి. జీతం కొంచెం తగ్గొచ్చు, షిఫ్టు డ్యూటీ ఉండొచ్చు, కాబట్టి చేరేముందు నైట్ షిఫ్టులు నెలకెన్నో అడగండి. బస్సులో పోయే నిద్ర అక్కడ కంట్రోల్ రూములో పోతే మారేదేం లేదు.

బిల్లుల లెక్క తీసినాక రెండోసారి పోయిన టూర్లు ఎన్ని తేలాయో ఇక్కడే రాయండి. ఏ ఫ్యాక్టరీ అని పేరు వద్దు, మెషీన్ ఏది, ఏం పోయింది అంతే. వాటిలో ఏవి ఫోన్‌లో తేలేవో చెప్తాను.